ట్రావెల్ క్లెయిమ్ టెస్టులో టోటల్ ఒక్కటి చూస్తే సరిపోదు

"సార్, నేను బి.కాం. చేసి తిరుపతిలోనే ఉద్యోగం వెతుకుతున్నాను. అకౌంట్స్ అసిస్టెంట్ ఇంటర్వ్యూలో ఒక ట్రావెల్ క్లెయిమ్ ఇచ్చి అరగంటలో చెక్ చేయమన్నారు. టోటల్ తప్పు అని చెప్పాను, సెలెక్ట్ కాలేదు. వచ్చే వారం ఇంకో కంపెనీలో కూడా ఇదే టెస్టు ఉందట. ఎలా ప్రిపేర్ అవ్వాలి?"

అమ్మా, టోటల్ తప్పని చెప్పడం మొదటి మెట్టే. వాళ్ళకు కావలసింది ఎంత తప్పు, ఎక్కడ తప్పు, ఎందుకు తప్పు అని రూపాయి రూపాయికీ లెక్క. ఒక క్లెయిమ్ తీసుకుని చేసి చూపిస్తాను, పెన్ను పట్టుకుని నాతోపాటు నువ్వూ చెయ్యి. రేట్లన్నీ ప్రాక్టీస్ కోసం నేను పెట్టుకున్నవి, అసలు రేట్లు ప్రతి కంపెనీ తన పాలసీలో రాసుకుంటుంది కాబట్టి టెస్టులో ముందు ఆ పేజీ చదువు.

ఒకాయన సొంత కారులో తిరుపతి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు వెళ్ళి, కారు అక్కడే పార్క్ చేసి, సోమవారం సాయంత్రం ఫ్లైటుకు సింగపూర్ వెళ్ళి గురువారం ఉదయం తిరిగొచ్చాడు. కారు 310 కిలోమీటర్లు, 12 చొప్పున 3,720 రూపాయలు. రోజుకు 60 సింగపూర్ డాలర్ల డైలీ అలవెన్సు, నాలుగు రోజులకు 240, డాలరు 68 చొప్పున 16,320. కార్డు మీద కట్టిన ట్యాక్సీలు 85 డాలర్లు, అదే 68 చొప్పున 5,780. కింద టోటల్ 25,905 అని వేశాడు.

ముందు ఆయన అంకెలనే ఆయన రాసినట్టే కూడు. 25,820 వస్తుంది. 85 ఎక్కువుంది, ఈ 85 ఎక్కడో చూసినట్టు లేదూ? ట్యాక్సీ డాలర్లు. రూపాయలున్న కాలమ్‌లోనే డాలర్లూ రాసి ఉంటాడు, ఎక్సెల్ రెండూ కలిపి కూడేసింది. తేడా వచ్చినప్పుడు ఆ అంకె కాగితంలో ఇంకెక్కడైనా ఉందేమో వెతకడం అలవాటు చేసుకో, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఇక కారు. మ్యాప్‌లో ఒకవైపు 140 కిలోమీటర్లు అనుకుందాం, రానూపోనూ 280, అంటే 3,360. ఆ 30 కిలోమీటర్లు మోసం అని రాయొద్దు, దారిలో ఆఫీసు పని మీద ఎక్కడైనా ఆగి ఉండొచ్చు, అందుకే "వివరణ అడగాలి, వచ్చేవరకు 360 ఆపాలి" అని రాయి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ జతచేసి ఉంటే వడమాలపేట టోల్‌గేటు దాటిన తేదీలు ఫ్లైటు తేదీలతో కలుస్తున్నాయా చూడు. డ్రైవరు దింపి ఖాళీగా వెనక్కి వచ్చి, మళ్ళీ తీసుకురావడానికి వెళ్తే 560 కిలోమీటర్లు కూడా న్యాయమే, పాలసీ ఒప్పుకుంటే.

పెద్ద తేడా అలవెన్సులో ఉంది. మన పాలసీలో మధ్యాహ్నం తర్వాత బయల్దేరినా, మధ్యాహ్నంలోపు తిరిగొచ్చినా సగం, మీటింగువాళ్ళు భోజనం పెడితే పూటకు 15 డాలర్లు తగ్గించాలి అని ఉందనుకో. సోమవారం 30, గురువారం 30. మంగళ, బుధవారాల్లో ఇన్విటేషన్ మీద "లంచ్ ఉంది" అని ఉంది కాబట్టి రోజుకు 45. మొత్తం 150 డాలర్లు. ఆయన చేతి ఖర్చుకు డాలర్లు కొన్న రసీదులో 68 ఉంది, పాలసీ ఆ రసీదు రేటునే తీసుకోమంటే 10,200. అంటే 6,120 తగ్గింది. ఇన్విటేషన్ లెటర్ తెరవనివాళ్ళకు ఈ భోజనాల తగ్గింపు ఎప్పటికీ కనబడదు.

ట్యాక్సీలకు మాత్రం ఆ 68 పనికిరాదు, ఎందుకంటే అవి కొన్న నోట్లతో కట్టినవి కావు. కార్డు స్టేట్‌మెంట్ చూడాలి. అందులో 65 చొప్పున 5,525 పడింది. ఇక్కడే చాలామంది ఆగిపోయి 255 కోసేస్తారు, అది క్లెయిమ్ చేసినాయనకు అన్యాయం. కింద ఇంకో లైనులో విదేశీ కరెన్సీలో కట్టినందుకు బ్యాంకు వేసే మార్కప్ ఉంటుంది, 3.5 శాతం అయితే దాదాపు 193, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 35. అన్నీ కలిపితే 5,753. నిజంగా ఎక్కువ అడిగింది 27 రూపాయలే. చెక్ చేయడమంటే కోయడం ఒక్కటే కాదమ్మా, ఆయనకు రావలసింది ఆయనకు వచ్చేలా చూడటం కూడా.

ఇప్పుడు 3,360, 10,200, 5,753 కూడితే 19,313. అడిగిన 25,905కీ దీనికీ తేడా 6,592. నువ్వు పట్టుకున్న 85, 360, 6,120, 27 కూడి చూడు, సరిగ్గా అదే రావాలి. రాకపోతే ఇంకేదో మిస్సయ్యావని అర్థం, టైము అయిపోతోందని టెన్షన్ పడి ఈ ఒక్క కూడిక మాత్రం వదలొద్దు. ముందే అడ్వాన్స్ తీసుకుని ఉంటే దాన్ని ఈ 19,313లోంచి తీసేయాలి, 25,905లోంచి కాదు.

ఇంట్లో ఇదే క్లెయిమ్‌ను తిరుగు ఫ్లైటు రాత్రికి మార్చి ఇంకోసారి చెయ్యి. గురువారం పూర్తి రోజు అవుతుంది, అలవెన్సు 180 డాలర్లు రావాలి.