పాత ఫ్యాన్ కండెన్సర్లతో రెగ్యులేటర్

ప్రశ్న: పాత సామాన్లతో సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ ఇంట్లోనే చేసుకోవచ్చా? మీలో ఎవరైనా చేశారా?

మా పిన్ని కొడుకు చేశాడు, ఇంటర్ చదివేటప్పుడు. నాకు మోటార్ల వైండింగ్ పని ఉంది కాబట్టి పక్కనే కూర్చుని చూశాను.

వాళ్ళింట్లో పాత పెట్టె రెగ్యులేటర్ లోపలి తీగ కాలిపోయింది. వాడు పాత ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్ళి వైండింగ్ కాలిన ఫ్యాన్లలోంచి కండెన్సర్లు ఏరుకొచ్చాడు. వాటి మీద 2.5 మైక్రోఫారడ్, 440 వోల్ట్ ఏసీ అని ఉంటుంది. వాటితో పాటు పాడైన టీవీ బోర్డులోంచి ఒక పెద్ద ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ కూడా పీకాడు, "అన్నా, ఇది పెద్దది కదా, ఇదే పెడతా" అని. అది డీసీకి చేసింది, ఏసీలో పెడితే వేడెక్కి పేలిపోతుంది, అందుకే పక్కన పడేయించాను. ఫ్యాన్ కండెన్సర్లు కూడా అన్నీ పనికిరావు. ఉబ్బినవి వదిలేశాం, మిగిలినవి మీటర్‌తో చూస్తే ఒకటి 1.6 చూపించింది, 2.4 చూపించిన రెండింటినీ తీసుకున్నాం.

ఫ్యాన్‌కి వెళ్ళే ఫేజ్ వైరులో ఒక కండెన్సర్ వరసగా పెట్టాడు. మొదటి స్విచ్ వేస్తే రెండోది దానికి పక్కపక్కన కలుస్తుంది, రెండో స్విచ్ వేస్తే కరెంటు రెండింటినీ దాటేసి నేరుగా వెళ్తుంది. అంటే రెండు మామూలు స్విచ్‌లతోనే మూడు వేగాలు. పాత తీగ పెట్టెలా ఇది వేడెక్కదు, ఎందుకంటే కండెన్సర్ కరెంటుని తగ్గిస్తుంది గానీ వేడిగా వృథా చేయదు.

మొదట పని చేసింది కానీ స్విచ్ వేసినప్పుడల్లా చిటుక్కుమని నిప్పురవ్వ. పైగా ప్లగ్ తీసేశాక వైరు ముట్టుకుంటే వాడికి గట్టి షాక్ కొట్టింది, ఆపాక కూడా కండెన్సర్‌లో చార్జ్ మిగిలి ఉంటుంది మరి. టీవీ బోర్డు రెసిస్టర్లే ఇక్కడ పనికొచ్చాయి. ఒక్కో కండెన్సర్‌కి వరసగా 2.2 ఓమ్‌లది పెడితే రవ్వ తగ్గింది, కండెన్సర్ రెండు కాళ్ళ మధ్య 220 కిలో ఓమ్‌లది, అర వాట్ది పెడితే కొన్ని సెకన్లలో చార్జ్ ఖాళీ అవుతోంది. ఈ రెండోది లేకుండా మాత్రం మీరు దయచేసి చేయొద్దు, అన్నీ మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలోనే బిగించండి, మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టొద్దు.

ఇంకో తిప్పలు, సాయంత్రం వాళ్ళ ఊళ్ళో వోల్టేజ్ పడిపోతుంది. అప్పుడు తక్కువ వేగంలో వేస్తే ఫ్యాన్ గుయ్యిమంటూ కదలకుండా నిలబడిపోయేది. దానికి వాడి పద్ధతి ఏంటంటే, ముందు నేరుగా వేసి, రెక్కలు వేగం అందుకున్నాక తగ్గించడం. మీరు ఈ మధ్య కొన్న బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే దీన్ని తగిలించకండి, దాని లోపల సొంత సర్క్యూట్ ఉంటుంది, అది పాడవుతుంది.