శుక్ర వలయం రవి రేఖను కోస్తే?

"నా అరచేతిలో ఉంగరం వేలి కింద, పేరు తెస్తుందనే రవి రేఖను ఒక వంపు గీత కోస్తోంది. బుధ రేఖ అసలే లేదు. పేరు రాదు, ఆరోగ్యం ఉండదు అన్నారొకాయన. టెన్షన్‌గా ఉంది."

బుధ రేఖ విషయంలో ఆయన తిరగేసి చెప్పారండీ. చిటికెన వేలి వైపు ఎక్కే ఆ గీత లేకపోవడమే ఆరోగ్యానికి మంచిదని చాలామంది హస్తసాముద్రికులే అంటారు.

ఇక ఆ వంపు గీత. అరచేయి కాస్త ముడిచి, పక్కనుంచి వెలుతురు పడేలా చూడండి. చూపుడు, మధ్య వేళ్ల సందులో మొదలై ఉంగరం, చిటికెన వేళ్ల సందులో ముగిస్తేనే శుక్ర వలయం. కింద హృదయ రేఖకు అతుక్కుని ఉంటే అది దాని కొమ్మే. నిజంగా వలయమే అయినా, అది సూచించే మితిమీరిన ఆవేశం పేరుకు అడ్డొస్తుందని వాళ్ల లెక్క, అంతే. దీనికి శాస్త్రీయ రుజువు మాత్రం లేదు. ఒంట్లో నలతగా ఉంటే డాక్టరుకు చూపించుకోండి.