వైండింగ్ వైరు నెలనెలా తూచండి, వాషర్లు ఏడాదికోసారి చాలు

ప్రశ్న: మాది చిన్న పంపుల తయారీ యూనిట్. స్టోర్స్‌లో 1,200 రకాల ఐటమ్స్ ఉన్నాయి. ప్రతి మార్చి 31కి అన్నీ లెక్కపెట్టలేక చస్తున్నాం. సరుకుని ఏ, బి, సి అని మూడు వర్గాలు చేసి, వర్గాన్ని బట్టి లెక్కపెట్టే ఏబీసీ పద్ధతి పెట్టుకోమంటున్నారు ఆడిటర్ గారు. ఖరీదైనవన్నీ ‘ఏ’లో వేసి, వాటినే లెక్కపెడితే సరిపోతుందా?

సరిపోదండీ. రేటు చూసి వర్గం వేస్తే మొదట్లోనే దారి తప్పుతారు. చూడాల్సింది ఏడాదిలో ఎంత వాడాం, ఒక్కోటి ఎంతకు కొన్నాం అన్నది. ఆ రెండూ హెచ్చవేస్తే వచ్చే మొత్తమే లెక్క.

నేను జీడిమెట్లలో మోనోబ్లాక్ పంపులు చేసే ఒక యూనిట్‌లో స్టోర్స్ చూసినవాణ్ణి కాబట్టి మీ సరుకుతోనే చెబుతాను. ఏడాదికి 4,000 ఒక హెచ్‌పీ పంపులు చేస్తారనుకోండి. పంపుకి కిలోన్నర రాగి వైండింగ్ వైరు చొప్పున 6,000 కిలోలు, కిలో 900 రూపాయలైతే 54 లక్షలు. స్టాంపింగులు 20,000 కిలోలు, కిలో 110 చొప్పున 22 లక్షలు. కాస్టింగులు సెట్టు 450 చొప్పున 18 లక్షలు. ఏడాది మొత్తం వాడకం కోటీ పాతిక లక్షలైతే, ఈ మూడు రకాల సరుకే అందులో 75 శాతం. ఇవి ‘ఏ’. పంపుకి రెండేసి 6203 బేరింగులు పడతాయి. ఒక్కోటి 60 రూపాయలే అయినా 4 లక్షల 80 వేలు అవుతుంది కాబట్టి ‘బి’లో కూర్చుంటుంది. అదే బ్యాలెన్సింగ్ మెషీన్‌కి స్పేర్‌గా తెచ్చిపెట్టుకున్న 40,000 రూపాయల కార్డు ఉందనుకోండి, ఏడాదంతా దాన్ని ఎవరూ ముట్టుకోరు. వాడకం సున్నా, కాబట్టి ‘సి’. దాన్ని తాళం వేసి పెట్టండి, అది వేరే విషయం. కానీ నెలనెలా లెక్కపెట్టాల్సిన పని లేదు. ఒక్కటే ఉంది, కదలదు. లెక్క తప్పేది కదిలే సరుకులో.

ఎక్సెల్‌లో ఆ మొత్తాలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, పై నుంచి కూడుకుంటూ రండి. 75 శాతం దగ్గర ఒక గీత, 95 దగ్గర ఇంకో గీత గీయండి. మొదటి గీత పైనవి ‘ఏ’, రెండు గీతల మధ్యవి ‘బి’, మిగతావి ‘సి’. గీసే ముందు పైనున్న 50 పేర్లు మాత్రం స్వయంగా చదవాలి. ఎం6 బోల్టు అందులో కనబడితే యూనిట్ తప్పుపడిందని అర్థం. వంద బోల్టుల డబ్బా రేటు ఎక్కించి, వాడకం మాత్రం విడి బోల్టుల్లో రాస్తే విలువ వంద రెట్లవుతుంది. చాలా చోట్ల కన్సల్టెంట్లు రంగురంగుల చార్టు గీసిచ్చి డబ్బు తీసుకుని వెళ్లిపోతారు, ఈ 50 పేర్లు ఎవరూ చదవరు. నాకు దానిమీదే కోపం.

ఇక ‘ఏ’ సరుకుని తరచూ ఎందుకు చూడాలో చెబుతాను. మా దగ్గర వైండింగ్ వైరు ఏడాదికోసారే తూచేవాళ్లు. ప్రతిసారీ రెండు వందల కిలోలకు పైగా తరుగు వచ్చేది. అంటే రెండు లక్షలు. ఏడాది చివర తేలిన తరుగు ఏ నెలలో, ఎవరి చేతిలో పడిందో ఎలా తెలుస్తుంది? ఇక అనుమానమంతా వైండింగ్ కుర్రాళ్ల మీదే. గేటు దగ్గర టిఫిన్ బాక్సులు విప్పించేవాళ్లు. చూస్తుంటే నాకు చాలా బాధగా ఉండేది.

వైరుని గేజీలవారీగా, అంటే ఒక్కో మందం వైరుని విడిగా, నెలనెలా తూయడం మొదలుపెట్టాం. మొదటి నెలలోనే 20 కిలోలు తగ్గింది. కానీ అన్ని గేజీల్లోనూ కాదు. రెండు గేజీల్లోనే తరుగంతా ఉంది, ఇంకో గేజీ గ్రాములతో సహా సరిపోయింది. దొంగలు గేజీ చూసి ఎత్తుకెళ్లరు కదా! ఆ నెల స్లిప్పులు అన్నీ ముందేసుకున్నాను. సరిపోయిన గేజీలో రీళ్లు పూర్తిగా వాడేసేవాళ్లు, వెనక్కి వచ్చినవి లేవు. తగ్గిన గేజీల్లో సగం వాడిన రీళ్లు రోజూ సాయంత్రం స్టోర్స్‌కి తిరిగొచ్చేవి.

అప్పుడు తూకం దగ్గర నిలబడి చూశాను. రీలు ఇచ్చేటప్పుడు లేబుల్ మీదున్న నికర బరువు రాస్తున్నారు. తిరిగొచ్చినప్పుడు రీలుతో సహా కాటా మీద పెట్టి, ఎంత చూపిస్తే అంత రాస్తున్నారు. ఖాళీ ప్లాస్టిక్ రీలు బరువు 800 గ్రాములు. నెలకి పాతిక రీళ్లు తిరిగొస్తే, లేని వైరు 20 కిలోలు పుస్తకంలో చేరుతోందన్నమాట. ఒక్క గ్రాము కూడా ఎవరూ బయటికి తీసుకెళ్లలేదు. సూపర్‌వైజర్‌కి చూపిస్తే, “అన్నా, ఇన్నేళ్లూ పిల్లల్ని అనవసరంగా అన్నాం” అని కూలబడ్డాడు. ఆ తర్వాత ప్రతి రీలు మీదా ఖాళీ బరువు మార్కర్‌తో రాయించి, వాపసు స్లిప్పులో మొత్తం బరువుకో గడి, రీలు బరువుకో గడి పెట్టించాం. మరుసటి నెల తూకంలో తేడా కిలో లోపుకి వచ్చింది.

ఇక్కడో చిక్కుంది. గేజీలన్నీ వేర్వేరు ఐటమ్స్‌గా రాసుకుంటే, తక్కువ వాడే గేజీలు లెక్క ప్రకారం ‘బి’లోకో ‘సి’లోకో జారిపోతాయి. తప్పు జరిగే తీరు మాత్రం అన్నిటికీ ఒకటే. అందుకే రాగి వైరు ఏ గేజీ అయినా ‘ఏ’లోనే ఉంచండి. ఎక్సెల్ ఏం చెప్పినా సరే, ఈ విషయంలో నేను తగ్గను.

మీ 1,200లో సుమారు 100 ‘ఏ’, 240 ‘బి’, 860 ‘సి’ అనుకుందాం. ‘ఏ’ నెలకోసారి, ‘బి’ మూడు నెలలకోసారి, ‘సి’ ఏడాదికోసారి అయితే ఏడాదికి 3,020 లెక్కింపులు. 300 పనిరోజులకి పంచితే రోజుకి పది. పొద్దున్నే ఇష్యూలు మొదలవకముందు ఒక మనిషి గంటలో చేసే పని. లెక్కపెట్టే మనిషికి పుస్తకంలోని సంఖ్య మాత్రం చూపించకండి. చూపిస్తే అదే రాసేస్తాడు. ముందు రోజు స్లిప్పులన్నీ ఎక్కించాకే లెక్కపెట్టించండి. లేకపోతే స్లిప్పు పెండింగ్‌లో ఉండి వచ్చిన తేడాని తరుగనుకుని రోజంతా వెతుక్కోవాలి. తేడా వస్తే పుస్తకం వెంటనే దిద్దేయడం కూడా తప్పే. ‘ఏ’లో అర శాతం దాటితే కారణం దొరికేదాకా దిద్దొద్దు. వాషర్ల లాంటివి ఐదు శాతం అటూ ఇటూ అయినా దిద్దేసి ముందుకెళ్లండి. వాటిని విడివిడిగా లెక్కపెట్టడం ఎందుకు? వంద వాషర్లు తూచి, ఆ లెక్కన బస్తా తూచితే చాలు.

మీ ఆడిటర్ గారికి ఈ రోజువారీ షీట్లు సంతకాలతో దాచి చూపించండి. మీది కంపెనీ అయి, ఆడిటర్ నివేదికలో ఏమేం రాయాలో చెప్పే ‘కారో 2020’ ఉత్తర్వు మీకు వర్తిస్తే, ఒక్కో రకం సరుకు మొత్తంలో తేడా 10 శాతం లేదా అంతకంటే ఎక్కువ వచ్చిందా, వస్తే పుస్తకాల్లో సరిచేశారా అని ఆయన రాయాల్సి ఉంటుంది. మార్చి 31న ఆయన వచ్చినప్పుడు ‘ఏ’ వర్గం మాత్రం ఆయన ముందే మళ్లీ తూయండి. మిగతావాటికి ఏడాది షీట్లు సరిపోతాయో లేదో ఏప్రిల్‌లోనే మాట్లాడుకోండి.