ఆటోనగర్‌లో మినీ ట్రక్ డ్రైవర్ ఇంటర్వ్యూ: రూట్ ప్రశ్న దగ్గర నేను తప్పిన చోటు

"అన్నా, ఎల్లుండి విజయవాడ ఆటోనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర మినీ ట్రక్ డ్రైవర్ ఇంటర్వ్యూ ఉంది. నాది మామూలు ఎల్‌ఎమ్‌వీ లైసెన్స్. ఏ కాగితాలు పట్టుకెళ్లాలి? రూట్లు, సేఫ్టీ గురించి ఏం అడుగుతారు?"

లైసెన్స్ గురించి భయం పెట్టుకోకు తమ్ముడూ. లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని ఎల్‌ఎమ్‌వీ లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మినీ ట్రక్కులు దానికి చాలా లోపలే ఉంటాయి. గ్యాస్ సిలిండర్లు, కెమికల్స్ లాంటి ప్రమాదకర సరుకుకు మాత్రం అది చాలదు. దానికి వేరే ట్రైనింగు చేసి, లైసెన్స్ మీద నమోదు చేయించుకోవాలి.

ఒరిజినల్ లైసెన్స్, ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటోలు, పాత ఓనరు ఇచ్చిన లెటర్ ఉంటే అదీ పెట్టుకో. వీటన్నిటికీ జిరాక్సులు తీసుకెళ్లు. ఈ రాత్రే లైసెన్స్, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ సరిచూసుకో. నా లైసెన్స్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. ఆ తేడా వల్ల నన్ను మళ్లీ ఇంకో రోజు రమ్మన్నారు.

అసలు పరీక్ష రూట్ దగ్గరే. నన్ను అడిగింది ఇది: "ఆటోనగర్‌లో లోడు ఎత్తావు. వన్‌టౌన్‌లో ఒక షాపు, మంగళగిరిలో ఒకటి, గుంటూరు అరండల్‌పేటలో ఒకటి దించాలి. ఎలా వెళ్తావు?" నేను తడుముకోకుండా చెప్పేశాను. ముందు వన్‌టౌన్, అక్కణ్ణుంచి ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి, ఆ తర్వాత గుంటూరు అని. సూపర్‌వైజర్ గారు ఒకటే అన్నారు: "బైక్ మీద వెళ్లే దారి చెప్పావు. లోడు బండితో చెప్పు."

నిజమే. బ్యారేజీ మీదకు భారీ వాహనాలను వదలరు. సరుకు బండి నడిపేవాడు వారధి లెక్కే వేసుకోవాలి. వన్‌టౌన్‌లో దించాక బస్టాండు ముందు నుంచి కృష్ణలంక మీదుగా కనకదుర్గ వారధి ఎక్కి, హైవే మీద మంగళగిరి, కాజ టోల్ దాటి గుంటూరు. వన్‌టౌన్ ముందే ఎందుకని కూడా అడుగుతారు. సందులు ఇరుకు, షాపులు తెరిచి జనం నిండాక బండి కదలదు, అందుకే పొద్దున్నే ముగించాలి. ట్రాఫిక్ వాళ్లు సరుకు బండ్లకు పెట్టే టైములు కూడా ముందే కనుక్కోవాలి.

ఆయన అక్కడితో వదల్లేదు. "మరి లోడు ఎలా పేరుస్తావు?" అన్నారు. చివర దించేది ముందు ఎక్కాలి. గుంటూరు సరుకు క్యాబిన్ వైపు, మధ్యలో మంగళగిరి, డోరు దగ్గర వన్‌టౌన్. తిరగేసి పేర్చావంటే వన్‌టౌన్ సందులో గుంటూరు పెట్టెలన్నీ రోడ్డు మీద పెట్టి మళ్లీ ఎక్కించాలి. దారీ లోడూ రెండూ ఒకే జవాబులో చెప్పు, బండి నడిపినవాడివని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

సేఫ్టీలో నాకు వచ్చింది: "మంగళగిరి దాటాక క్లచ్ పోయింది. ఏం చేస్తావు?" ఆఫీసుకు ఫోన్ చేస్తానని మొదలుపెట్టకు. బండిని వీలైనంత ఎడమకు, రోడ్డు అంచు దాటించి ఆపడం మొదటిది. నాలుగు ఇండికేటర్లు వేసి, కనీసం 50 మీటర్లు వెనక్కి నడిచి ట్రయాంగిల్ పెట్టాలి. హెల్పర్‌ను బండి వెనకాల నిలబడనివ్వకూడదు. వెనక నుంచి వచ్చే లారీ గుద్దితే మధ్యలో నలిగేది అతనే. ఆ తర్వాతే ఆఫీసుకు, హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్.

వేరే బండి వస్తే సరుకు మార్చేది కూడా ఎడమవైపు నుంచే. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఇంకొకటి ఉంది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు ఉంటుంది, దాని పార్ట్ బీలో పాత బండి నంబరే ఉంటుంది. కొత్త నంబరు ఎక్కించమని ఆఫీసుకు చెప్పి, అది మారాకే కదలాలి. నేను ఈ మాట చెప్పగానే ఆయన మిగతా ప్రశ్నలు ఆపేశారు.

ఇరుకు సందులో రివర్స్ గురించి కూడా అడగొచ్చు. దిగి వెనకాల చూసి, హెల్పర్‌ను అద్దంలో కనిపించేచోట నిలబెట్టి తీస్తానని చెప్పు. అతను అద్దంలోంచి మాయమైతే బ్రేకు.

ఇంటర్వ్యూ అయ్యాక నువ్వూ ఒకటి అడుగు: నీకిచ్చే బండి ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ కాగితాలు చూపించమని. తేదీలు నీ కళ్లతో చూసుకో. రోడ్డు మీద ఆపినప్పుడు స్టీరింగ్ ముందు ఉండేది నువ్వే.