కొనే ముందు కత్తెర పట్టండి

"మేడమ్, మాది నల్లగొండ. ఈ మధ్యే పైఅంతస్తు వేసుకున్నాం. మా పడకగది పది బై పన్నెండు, కిటికీ పడమరకు. కింద తాండూరు నీలిబండలు పరిచాం. రంగు, మంచం, కర్టెన్లు ఇంకా ఏవీ కొనలేదు. మా ఆయన ఫోన్‌లో చూపించే గదులన్నీ తెలుపు, బూడిద రంగులే. నాకు మనింటి గదిలా ఉండాలని. ఇద్దరం 'సింపుల్‌గా చాలు' అనే అంటాం, షాపుకెళ్తే మాత్రం లొల్లే. అత్తమ్మ తన టేకు మంచం పైకి తీసుకెళ్లమంటోంది. ఈ ఆదివారం ఫర్నిచర్‌కు అడ్వాన్స్ ఇచ్చేద్దామని ఆయన పట్టు. రెండు రోజుల నుంచి మా మధ్య మాటల్లేవు. ఏం చేయమంటారు?"
— ఒక సోదరి, నల్లగొండ

అమ్మా, ముందు ఆ మౌనం సంగతి చూద్దాం. ఈ రోజు సాయంత్రం ఆయన ఇంటికొచ్చాక గది గురించి వాదన ఎత్తకండి. "మీ ఫోన్‌లో ఉన్నవాటిలో బాగా నచ్చినవి ఒక ఇరవై ఏరి పెట్టండి, ప్రింట్లు తీయిస్తాను" అని అడగండి. ఆయన ఇష్టాన్ని మీరు పక్కన పెట్టట్లేదని ఆ ఒక్క మాటతో అర్థమవుతుంది. అడ్వాన్స్ గురించి కూడా "వద్దు" అనకండి. "వచ్చే ఆదివారానికి మారుద్దాం, ఈలోగా ఇద్దరం కూర్చుని ఒక పని చేద్దాం" అనండి. తేదీ చెప్పి ఆపితే ఎవరికీ కోపం రాదు. ఊరికే ఆపితే అడ్డుపడ్డట్టు అనిపిస్తుంది.

ఆ పని పేరు మూడ్ బోర్డ్. ఇళ్లు అలంకరించేవాళ్లు ఏదీ కొనకముందే నచ్చిన ఫొటోలు, కత్తిరింపులు, బట్ట ముక్కలు ఒక అట్ట మీద పెట్టి, గది ఏ దారిలో వెళ్లాలో తేల్చుకుంటారు. భార్యాభర్తల మధ్య పేచీ వచ్చినప్పుడు ఇది ఇంకా బాగా పనికొస్తుందని నా అనుభవం. "సింపుల్" అని మీరిద్దరూ అంటున్నా, ఎవరి మనసులోని బొమ్మ వాళ్లది. ఆ బొమ్మలు బయటకు తీస్తే తప్ప మీ తగాదా దేని మీదో మీకే తెలియదు.

మీరూ ఒక ఇరవై ఏరండి, విడిగా, ఒకరివి ఒకరు చూసుకోకుండా. ఆదివారం అనుబంధాలు, రంగుల కంపెనీల పుస్తకాలు, పాత క్యాలెండర్లు, పెళ్లి ఆల్బమ్, ఏదైనా సరే. గదుల ఫొటోలే కానక్కర్లేదు. గద్వాల చీర అంచు, అమ్మగారింటి వసారా, చిన్నప్పటి బడి కిటికీ ఉన్నా మంచిదే. అత్తమ్మను కూడా ఒక అయిదు ఏరమనండి. ఫోన్‌లోవి ఫొటో స్టూడియోలో నాలుగు బై ఆరు సైజులో తీయించుకుంటే చాలు.

అసలు కిటుకు కత్తెర దగ్గరుంది. గది ఫొటో మొత్తాన్ని అలాగే పెట్టకండి. ఆ గది ఎంత పెద్దదో, సీలింగ్ ఎంత ఎత్తో, ఫొటో కోసం ఎన్ని లైట్లు పెట్టారో మనకు తెలియదు. అదంతా మీ పది బై పన్నెండులోకి రాదు. అందులో మీ కన్ను ఎక్కడ ఆగిందో ఆ ముక్క మాత్రమే కత్తిరించి, వెనకాల ఎందుకు నచ్చిందో రెండు మూడు మాటల్లో రాయండి. తర్వాత ముగ్గురూ కూర్చుని ముక్కలన్నీ కింద పరచండి. "ఇది బాగాలేదు" అనే మాట ఆ పూటకు ఎవరూ అనకూడదు. "ఇందులో నీకు నచ్చిందేంటి?" అని మాత్రమే అడగాలి.

మహబూబ్‌నగర్ నుంచి ఒక జంట ఇలాంటి గొడవతోనే నా దగ్గరకు వచ్చారు. భర్త తెచ్చినవన్నీ హోటల్ గదుల్లాంటి తెల్లటి ఫొటోలు. కానీ ముక్కల వెనకాల ఆయన రాసినవి చూస్తే "నేల ఖాళీగా ఉంది", "వైర్లు కనబడట్లేదు", "మంచం కింద సామాను లేదు" అని ఉంది. తెలుపు అన్న మాట ఒక్కదాని మీదా లేదు. భార్య నారాయణపేట గళ్ల చీర ఫొటో వెనకాల "మరక పడ్డా కనబడదు" అని, వసారా ఫొటో వెనకాల "కింద కూర్చోవచ్చు" అని రాసుకుంది. ఆయనకు కావల్సింది ఖాళీ నేల. ఆమెకు కావల్సింది భయం లేకుండా వాడుకునే గది. ఈ రెండింటికీ పోట్లాటే లేదు. చివరికి బోర్డు పైన ఒక వాక్యం రాసుకున్నారు: "నేల ఖాళీగా, గోడ లేతగా, రంగులు బట్టల్లోనే." ఆ తర్వాత షాపువాడు పెద్ద సోఫా, అద్దాల డ్రెస్సింగ్ టేబుల్ చూపించినా, ఆ వాక్యంలో ఇమడవని ఇద్దరూ ఒకే మాట మీద కాదన్నారు. మీ బోర్డు నుంచి కూడా ఇలాంటి ఒక్క వాక్యం రావాలి. "ఇది లేదా అది" అని రాయాల్సి వస్తోందంటే ఒకే అట్ట మీద రెండు గదులున్నట్టు లెక్క. అప్పుడు ముక్కలను రెండు బోర్డులుగా విడదీసి, పక్కపక్కన పెట్టి ఒకటి ఎంచుకోండి.

ఇక బోర్డు కట్టడం. రెండడుగుల బై మూడడుగుల మందపాటి అట్ట తీసుకుని తెల్ల కాగితం చుట్టండి. రంగు అట్ట వాడితే దాని మీద పెట్టిన ప్రతిదీ వేరేలా కనిపిస్తుంది. మొదట్లో గమ్ వద్దు, గుండుసూదులే. ముక్కలు జరుపుకోవడానికే కదా ఈ పనంతా. మార్చలేనివి ముందు రావాలి, చాలామంది తప్పేది ఇక్కడే. మీకు మార్చలేనిది కింది బండ. అందుకే బోర్డును ఆ గదిలోనే, ఆ బండల మీదే గోడకు ఆనించి నిలబెట్టండి. నీలిబండ అంటేనే చల్లటి బూడిద రంగు. దాని మీద గోడలూ బూడిద, కర్టెన్లూ బూడిద అయితే గది మబ్బు పట్టినట్టుంటుందని నా అభిప్రాయం. నా మాట నమ్మక్కర్లేదు, మీ ఆయన ముక్కలు అక్కడ పెడితే ఆయనే చూసుకుంటారు.

ముక్కల కొలతల్లో కూడా గదిలో ఉండే వాటా కనబడాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు సుమారుగా 60, 30, 10 అని ఒక లెక్క వాడతారు. గోడలు, నేల కలిపి ఎక్కువ భాగం, మంచం, కర్టెన్లు, దుప్పట్లు అందులో సగం, దిండ్లు, పటాల లాంటివి మిగిలిన కొంచెం. పోచంపల్లి ఎరుపు ఎంత నచ్చినా, దిండు గలీబుకే వాడదలిస్తే అగ్గిపెట్టెంత ముక్క పెట్టండి. గోడ రంగుతో సమానంగా పెడితే, షాపులో తెలియకుండానే ఎరుపు అన్నిట్లోకీ వచ్చేస్తుంది. చివరికి పదీ పన్నెండు ముక్కలకు మించి ఉండకూడదు. ఒక్కోదాన్నీ చేత్తో మూసి చూడండి. అది లేకపోయినా బోర్డు అలాగే ఉందనిపిస్తే తీసేయండి.

రంగు విషయంలో మాత్రం ఏ ఫొటోనూ నమ్మొద్దు. ఫోన్ తనంతట తనే రంగులు సర్దేస్తుంది, ప్రింటులో మళ్లీ మారతాయి. ఫొటోలు రూపం కోసం, అమరిక కోసం మాత్రమే. రంగు తేల్చేది రంగుల దుకాణం షేడ్ కార్డు, అసలైన బట్ట ముక్క. జాకెట్టు బట్టకు మ్యాచింగ్ సెంటర్‌కు చీరే పట్టుకెళ్లి, గుమ్మం బయట ఎండలో పెట్టి చూస్తాం కదా, ఇదీ అంతే. మీది పడమర కిటికీ కాబట్టి పొద్దున, సాయంత్రం అయిదింటికి, రాత్రి లైటు వేశాక మూడు పూటలా బోర్డు చూడండి. సాయంత్రపు ఎండలో లేత పసుపు ముదిరి నారింజలా కనబడొచ్చు. తెల్లటి ట్యూబ్‌లైటు కింద అదే పాలిపోవచ్చు. పగలు కలిసిన రెండు రంగులు రాత్రి లైటులో విడిపోవడం మామూలే. బల్బు పెట్టె మీద 6500 అని ఉంటే నీలం కలిసిన తెల్లటి వెలుతురు, 3000 అని ఉంటే పసుపు కలిసిన వెలుతురు. గోడ రంగు తేలే ముందే ఏది వాడతారో అనుకోండి.

షేడ్ కార్డు మీది చిన్న ముక్క చూసి డబ్బా కొనేయకండి. నాలుగు గోడలకూ వేశాక ఆ రంగు కార్డు మీద కన్నా ముదురుగా అనిపిస్తుంది. 200 మిల్లీలీటర్ల శాంపిల్ డబ్బా దొరికితే తెచ్చి, రెండడుగుల అట్టకు తెల్ల ప్రైమర్ కొట్టి, పైన రెండు కోట్లు వేయండి. ఆరాక దాన్ని కిటికీ పక్కన ఒకసారి, ఎదురు గోడకు ఒకసారి ఆనించి చూడండి. ఒకే రంగు రెండు రకాలుగా కనబడుతుంది.

అత్తమ్మ మంచం సంగతి. దాని ఫొటో తీయించి, మొదటి రోజే బోర్డు మీద గుచ్చండి. వద్దనుకున్నాక కాదు, ముందే. తన వస్తువుకు చోటిచ్చి చూస్తున్నారని పెద్దావిడకు కనబడాలి. నీలిబండ పక్కన టేకు రంగు చక్కగా కుదురుతుందని నా నమ్మకం. బహుశా మీరడిగే "మనింటి గది" అక్కడే మొదలవుతుందేమో. కానీ పడుతుందో లేదో బోర్డు చెప్పదు, అది దానికి చేతకాని పని. మంచం కొలిచి, అంత సైజుకు పాత పేపర్లు అతికించి నేల మీద పరవండి. అయిదడుగుల వెడల్పు మంచం పదడుగుల గోడకు మధ్యలో వేస్తే అటూ ఇటూ రెండున్నర అడుగులు మిగులుతుంది. ఆరడుగులదైతే రెండే. బీరువాకు కూడా పేపరు పరచండి, దాని తలుపులు తెరుచుకునే చోటుతో సహా. పాత మంచాల కొలతలు ఇప్పటి రెడీమేడ్ పరుపులకు కుదరకపోవచ్చు, అప్పుడు కొలిచి దూది పరుపు కుట్టించుకోవాలి.

ఇంకొక్కటి అడుగుతాను. మీ ఆయన అడ్వాన్స్‌కు తొందరపడుతున్నది రంగు కోసమేనా, డబ్బు వేరే ఖర్చుకు పోతుందన్న బెంగా? రంగు మీద కనబడే తగాదా చాలాసార్లు డబ్బు గురించిన టెన్షన్. బోర్డు మీద ధర కనబడదు కాబట్టి ఈ గదికి ఎంత పెట్టగలరో ఇద్దరూ మాట్లాడుకుని, ఆ మొత్తం బోర్డు కింద అంచున రాసిపెట్టండి. ఆయన "పిల్లలాట" అని కూర్చోకపోతే పట్టుబట్టకండి. ముక్కలు మీరే పరిచి, నచ్చినవాటి మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టమనండి. అది కూడా సరిపోతుంది.

షాపుకు వెళ్లేటప్పుడు బోర్డు ఫొటో కాదు, షేడ్ కార్డు ముక్క, బట్ట ముక్కలు ఒక కవరులో వేసుకుని వెళ్లండి. కర్టెన్ గుడ్డను షాపు లైట్ల కింద కాకుండా గుమ్మం బయటకు తెప్పించి, ముక్కల పక్కన పెట్టి చూడండి. నచ్చితే ఆ రోజు ఒక్క మీటరే తీసుకోండి. సాయంత్రం కిటికీకి కట్టి, రాత్రి లైటు వేసి ఇద్దరూ చూశాక మిగతా మీటర్లు చెప్పొచ్చు.