మనిషిని చెరిపేశారు, భుజం మీద చెయ్యి మిగిలింది

*సార్, మా సంఘం పాత కమిటీ కొత్త కమిటీకి బాధ్యతలు అప్పగించినప్పుడు తీసిన గ్రూప్ ఫోటో రికార్డు బుక్‌లో పెట్టాలి. అందులో ఒకాయన తర్వాత గొడవపడి వెళ్ళిపోయాడు, ఆయన్ని తీసెయ్యమంటున్నారు. ఫోన్‌లో ఎరేజర్‌తో తీస్తే మనిషి పోయాడు కానీ పక్కాయన భుజం మీద చెయ్యి మిగిలిపోతోంది. నీట్‌గా పోవాలంటే ఏ యాప్ వాడాలి?*

యాప్ పేరు చెప్పను. తెలీక కాదు. ఆ మిగిలిపోయిన చెయ్యి మీకు యాప్ లోపంలా కనిపిస్తోంది, నాకేమో ఇప్పుడు ఆ ఫోటోలో ఆ మూల నిజం చెప్తున్నది అదొక్కటే అనిపిస్తోంది. ఇలాంటి మెయిల్ నాకు వస్తూనే ఉంటుంది, ప్రతిసారీ అడిగేది ఒకటే, ఆనవాలు లేకుండా ఎలా తియ్యాలి అని. తియ్యొచ్చా అని మాత్రం ఎవరూ అడగరు. ఇంట్లో గోడకి పెట్టుకునే ఫోటో అయితే నేనూ అడగను, బీచ్ ఫోటోలో వెనక ఎవరో నడిచి వెళ్తుంటే తీసేసుకోండి, ఎవరికీ నష్టం లేదు. కానీ మీరే రాశారు, రికార్డు బుక్ అని. రికార్డు అన్నాక అది ఆ రోజు ఎవరున్నారో చెప్పాలి, ఇవాళ మనకి ఎవరు నచ్చుతున్నారో కాదు.

అసలు ఎరేజర్ అనే పేరే తప్పు. రబ్బరుతో చెరిపితే కింద కాగితం కనిపిస్తుంది. ఫోటోలో మనిషి వెనక ఏముందో కెమెరా చూడనే లేదు కదా, మరి ఆయన్ని తీసేస్తే బయటపడేది ఏంటి? ఏమీ లేదు. చుట్టుపక్కల పిక్సెల్స్ చూసి అక్కడ ఏముంటే అతికినట్టు ఉంటుందో సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. గోడ గీస్తుంది, కుర్చీ వీపు గీస్తుంది, పక్కాయన చొక్కాలో ఆయన చాటున పడిన భాగాన్ని కూడా కొత్తగా కుడుతుంది. అంటే మీరు ఒకటి తీసేస్తున్నాం అనుకుంటున్నారు, నిజానికి ఎప్పుడూ లేని ఇంకొకటి పెడుతున్నారు. తియ్యడం, కల్పించడం రెండూ ఒకే బటన్‌లో ఉన్నాయి, ఆ రెండోది మెనూలో ఎక్కడా రాయరు.

దీనివల్ల ఏమవుతుందో దగ్గర్నుంచి చూశా. నాకు తెలిసిన ఒక ఆఫీసులో ఒక మెషిన్ అప్పగించేటప్పుడు ఆరుగురు నిలబడి ఫోటో దిగారు, వెనక టేబుల్ మీద మెషిన్, దాని మీద సీరియల్ నంబర్ స్టిక్కర్. తర్వాత ఒకతను ఉద్యోగం మానేశాడు, ఆ ఫోటో ఏదో బ్రోషర్‌కి కావాలని ఎవరో అతన్ని ఫోన్‌లో చెరిపేసి అదే ఫైల్ మీద సేవ్ కొట్టేశారు. కొన్నాళ్ళకి మెషిన్ అందింది, అందలేదు అని తగువు వచ్చింది, ఉన్న ఒక్క ఆధారం ఆ ఫోటోనే అని తెచ్చి పెట్టారు. అందినట్టు సంతకాల కాగితంలో ఆరు పేర్లు, ఫోటోలో ఐదుగురు. అది చాలదన్నట్టు చెరిపేసిన మనిషి భుజం స్టిక్కర్‌లో సగానికి అడ్డం ఉండేది, ఎరేజర్ ఆ సగాన్ని పూరిస్తూ అంకెల్లాంటి గీతలు గీసింది, జూమ్ చేస్తే అది ఏ భాషా కాదు. అవతలివాళ్ళు అడిగింది ఒక్కటే ప్రశ్న, నంబరే కల్పించినప్పుడు మిగతా ఐదుగురు మాత్రం నిజంగా అక్కడున్నారని ఎందుకు నమ్మాలి? ఫోటో మొత్తం పక్కన పెట్టేశారు. చెరిపినవాడికి మోసం ఉద్దేశమే లేదు, పాపం అతను బ్రోషర్ గురించి ఆలోచించాడంతే.

వార్తా సంస్థలు ఈ విషయంలో ఎందుకంత మొండిగా ఉంటాయో దీన్నిబట్టే అర్థమవుతుంది. 2014లో అసోసియేటెడ్ ప్రెస్ తనకి పనిచేసే ఒక ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్‌ని వదిలేసుకుంది. అతను చెరిపింది మనిషిని కూడా కాదు, సిరియా యుద్ధం ఫోటోలో ఒక మూల పడిన తోటి జర్నలిస్టు వీడియో కెమెరాని. పులిట్జర్ అవార్డు గెలిచిన టీమ్‌లో ఉన్నవాడు, అతను పంపిన దాదాపు 500 ఫోటోలు వెతికితే తేడా దొరికింది ఆ ఒక్కదాంట్లోనే, అయినా ఊరుకోలేదు. ఇంకోటి మీ ప్రశ్నకి బాగా దగ్గర. 2011లో బిన్ లాడెన్ మీద దాడి జరుగుతున్నప్పుడు వైట్ హౌస్ గదిలో అందరూ కూర్చుని చూస్తున్న ఫోటో గుర్తుందా, న్యూయార్క్‌లోని ఒక మతపరమైన పత్రిక ఆడవాళ్ళ ఫోటోలు వెయ్యకూడదన్న తన నియమం ప్రకారం హిల్లరీ క్లింటన్‌ని, ఇంకో అధికారిణిని తీసేసి వేసింది. ఆ ఫోటోని మార్చకూడదన్న షరతుతోనే వైట్ హౌస్ విడుదల చేసింది. చివరికి పత్రిక క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. వాళ్ళకి నచ్చకపోతే ఆ ఫోటో వెయ్యకుండా ఉండొచ్చు, ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంది. వేసి, ఆ గదిలో ఆ ఇద్దరూ లేరని చూపించడమే తప్పు.

చివర ఉన్నవాళ్ళని క్రాప్ చేస్తే తప్పులేదా అని కూడా అడుగుతారు. క్రాప్‌లో కల్పన లేదు, ఫ్రేమ్ చిన్నదవుతుంది అంతే, కానీ అర్థం మారితే అదీ తప్పే. మధ్యలో ఉన్నవాణ్ణి తీసి అటూ ఇటూ ఉన్నవాళ్ళని దగ్గరికి జరపడం మాత్రం క్రాప్ కాదు, దాన్ని ఆ పేరుతో పిలవకండి.

ఇప్పుడు నాకు నిజంగా భయం పుట్టించేది చెప్తా. మీరు చెరిపేసిన మనిషి చాలాసార్లు ఫైల్‌లోనే కూర్చుని ఉంటాడు. చాలా ఫోన్లలో మోషన్ ఫోటో ఆన్‌లో ఉంటుంది, అంటే ఫోటో ఫైల్ వెనకాలే ఒకట్రెండు సెకన్ల వీడియో అతికించి ఉంటుంది. కొన్ని గ్యాలరీలు ఎడిట్ చేసినప్పుడు దాన్ని తీసేస్తాయి, కొన్ని తియ్యవు. మీరు పైన బొమ్మలో మనిషిని మాయం చేస్తారు, ఫైల్ అందుకున్నవాడు ప్లే నొక్కితే ఆయన నవ్వుతూ చెయ్యి తీసి భుజం మీద వేస్తూ కనిపిస్తాడు. ఇంకోటి థంబ్‌నెయిల్. ఫోటో ఫైల్‌లో ఒక చిన్న ప్రివ్యూ బొమ్మ దాగి ఉంటుంది, ఎడిటర్ దాన్ని కొత్తగా తయారుచెయ్యకపోతే పాత బొమ్మే ఉండిపోతుంది. కంప్యూటర్‌లో exiftool అనే ప్రోగ్రామ్ ఉంటే ఒక్క లైన్‌తో బయటికి లాగొచ్చు:

```
exiftool -b -ThumbnailImage group.jpg > thumb.jpg
```

దొంగపని చేసినవాడు ఇలా దొరికిపోతే నాకేం బాధ లేదు. నా బాధ నిజంగా దాచాల్సినవాళ్ళ గురించి. సాక్షి ముఖం, చిన్నపిల్ల ముఖం, ఎవరి నుంచో పారిపోయి వచ్చిన మనిషి ముఖం. వీళ్ళని దాచాలి, అందులో వాదన లేదు, కానీ చెరిపెయ్యడం దానికి తప్పు పనిముట్టు. కనబడేలా కప్పండి. గట్టి నల్ల డబ్బా పెట్టి, కింద "గుర్తింపు దాచడం కోసం ఒకరి ముఖం కప్పాం" అని రాయండి. డబ్బా ఇక్కడ ఒక మనిషి ఉన్నాడు, కావాలనే చూపించట్లేదు అని ఒప్పుకుంటుంది, ఎరేజర్ ఇక్కడ ఎవరూ లేరంటుంది. మొదటిది దాపరికం, రెండోది అబద్ధం.

డబ్బా పెట్టడంలోనూ కంగారు పడతారు జనం. ఫోన్‌లో హైలైటర్ పెన్ నల్ల రంగు ఎంచుకుని నాలుగుసార్లు గీస్తారు, అది సగం పారదర్శకంగా ఉంటుంది, బ్రైట్‌నెస్ పెంచితే ముఖం మళ్ళీ తేలుతుంది. పీడీఎఫ్‌లో నల్ల చతురస్రం పైన పెడతారు, అవతలివాడు దాన్ని మౌస్‌తో పక్కకి జరుపుతాడు. 2023లో బయటపడిన ఒక లోపంలో అయితే (CVE-2023-21036) కొన్ని ఫోన్ల స్క్రీన్‌షాట్ ఎడిటర్ కత్తిరించిన భాగాన్ని కొత్త ఫైల్ చివర్లో వదిలేసేది, ఏళ్ళ తరబడి పంపుకున్న బొమ్మల్లోంచి దాన్ని తిరిగి రాబట్టగలిగారు. అందుకే పూర్తిగా నల్లగా కప్పి, ఆ ఫోటోని వేరే కొత్త ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, దాన్ని ఇంకో డివైజ్‌లో తెరిచి చూశాకే పంపండి.

ఈ ఫోన్లు తయారుచేసేవాళ్ళ మీద కూడా నాకో కంప్లైంట్ ఉంది. కొన్ని ఫోన్లలో ఎరేజర్ బటన్‌ని మొదటి వరసలో పెడతారు, "కాపీగా సేవ్ చెయ్యి" అన్నదాన్ని మూడు చుక్కల వెనక దాస్తారు. సేవ్ కొట్టాక క్లౌడ్ సింక్ మీ మిగతా డివైజుల్లో కూడా ఎడిట్ చేసిందే చూపిస్తుంది, ఒరిజినల్ ఎక్కడుందో వెతుక్కోవడం మీ పని. మనిషిని తీసేసిన ఫోటో అని ఫైల్‌లో ఒక గుర్తు పెట్టే పద్ధతి ఉంది, C2PA అంటారు, ఏ ఎడిట్ జరిగిందో సంతకంతో సహా నమోదు చేస్తుంది. కానీ దాన్ని తియ్యాలంటే ఒక స్క్రీన్‌షాట్ చాలు, కాబట్టి గుర్తు ఉంటే ఉపయోగం, లేకపోతే ఫోటో అసలుదని అర్థం కాదు.

ఫోటోని ఎప్పుడైనా ఆధారంగా చూపించాల్సి రావచ్చు అనిపిస్తే, తీసిన రోజే ఒరిజినల్‌ని కంప్యూటర్‌లోకి కేబుల్‌తో దింపి, దాన్ని ఎవరూ తెరిచి ఎడిట్ చెయ్యకుండా పక్కన పెట్టి, ఫైల్‌కి వేలిముద్ర లాంటి హ్యాష్ తీసుకోండి:

```
certutil -hashfile group.jpg SHA256
```

విండోస్‌లో ఇది అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసిన 64 గుర్తుల గొలుసు ఇస్తుంది. దాన్ని ఆ రోజే మెయిల్‌లో ఇద్దరు ముగ్గురికి పంపి ఉంచండి. తర్వాత ఒక్క పిక్సెల్ మారినా ఆ గొలుసు మారిపోతుంది. ఇది ఆ తేదీ తర్వాత ఫైల్ మారలేదని మాత్రమే చెప్తుంది, అంతకుముందు ఏం జరిగిందో దానికి తెలీదు, అందుకే ఆలస్యం చేస్తే విలువ లేదు.

మీ సంగతికి వస్తే, ఫోటో అలాగే పెట్టి కింద తేదీ, "ఎడమ నుంచి" అంటూ అందరి పేర్లు, ఆయన పేరు పక్కన "అప్పటి సభ్యుడు" అని రాయండి. ఆయన్ని అంతగా చూడలేకపోతే ఫోటో మానేసి అప్పగింత కాగితం అతికించండి. ఈలోపు ఎడిట్ చేసిన ఫైల్ తెరిచి ఒరిజినల్‌కి మార్చే ఆప్షన్ ఉందేమో చూడండి, లేకపోతే ట్రాష్ ఖాళీ అయ్యేలోపు అందులో వెతకండి. అక్కడా లేకపోతే ఆ రోజు ఫోటో తీసిన ఫోన్ ఎవరిదో కనుక్కుని, గ్రూపులో ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపమనండి, ఫోటోలా పంపితే మెసేజింగ్ యాప్ దాన్ని కుదించేసి తీసిన తేదీ, టైమ్ కూడా తీసేస్తుంది.