డే ట్రేడింగా, స్వింగా, లాంగ్ టర్మా? ముందు లక్ష రూపాయల లెక్క చూడండి

ప్రశ్న: ఖమ్మంలో బీకాం ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోకుండా ఫుల్ టైం డే ట్రేడింగ్ చేద్దామని ఉంది. నాన్నగారు లక్ష రూపాయలు ఇస్తానన్నారు కానీ ఆయనకు భయంగా ఉంది. స్వింగ్ ట్రేడింగ్, లాంగ్ టర్మ్ ఇన్వెస్టింగ్ కూడా ఉన్నాయంటున్నారు. టైం, ఖర్చులు, టెన్షన్ చూసుకుంటే నాకు ఏది సరిపోతుంది?

జవాబు: ఖర్చులతో మొదలుపెడతాను. మీ వయసు వాళ్లు చివరగా చూసేది, ముందుగా చూడాల్సింది అదే.

ఇంట్రాడేలో లక్ష రూపాయల షేర్లు పొద్దున కొని అదే రోజు అమ్మారనుకోండి. డిస్కౌంట్ బ్రోకర్ దగ్గర సాధారణంగా ఆర్డర్‌కు 20 రూపాయల చొప్పున కొన్నందుకు, అమ్మినందుకు కలిపి 40 పోతుంది. అమ్మకం మీద ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 0.025 శాతం, అంటే 25 రూపాయలు. ఎక్స్ఛేంజ్ ఛార్జీ సుమారు 6, స్టాంప్ డ్యూటీ 3, బ్రోకరేజీ, ఎక్స్ఛేంజ్ ఛార్జీల మీద జీఎస్‌టీ 8 చిల్లర. మొత్తం 82 రూపాయల దాకా తేలుతుంది. 800 రూపాయల షేర్లు 125 కొని ఉంటే, ధర 66 పైసలు పెరిగాకే మీరు అసలుకు వస్తారు. ఆర్డర్ వేసిన ధరకూ దొరికిన ధరకూ మధ్య పది పైసలో ఇరవై పైసలో తేడా వస్తే అది వేరే.

82 రూపాయలేగా అనిపిస్తుంది. ఒక పద్ధతి పెట్టుకుని చూద్దాం. లాభం 1 శాతానికి వస్తే అమ్మేస్తారు, నష్టం అర శాతానికి చేరితే స్టాప్‌లాస్‌తో బయటపడతారు. పదింటిలో నాలుగు ట్రేడ్లు గెలుస్తారు. కొత్తవాళ్లలో ఈ మాత్రం క్రమశిక్షణ ఉన్నవాళ్లు అరుదు. నాలుగు గెలుపుల మీద 4,000 వస్తుంది, ఆరు ఓటముల మీద 3,000 పోతుంది, చేతిలో 1,000 మిగులుతుంది. పది ట్రేడ్ల ఖర్చు 820. ఇంటికి తెచ్చుకునేది 180 రూపాయలు! పద్ధతిలో లోపం లేదు, ఫలితాన్ని ఖర్చులు తినేశాయి. అదే నాలుగు గెలుపులు మూడుకు తగ్గితే లాభం 3,000, నష్టం 3,500. అప్పుడు ఖర్చులు కూడా కలిపి 1,320 రూపాయలు చేతి నుంచి పడతాయి.

రోజుకు ఒక్క ట్రేడ్ చేసినా ఏడాదికి సుమారు 245 ట్రేడింగ్ రోజులు ఉంటాయి కాబట్టి ఖర్చే 20,000 దాటుతుంది. మీ నాన్నగారి లక్షలో ఐదో వంతు. మార్జిన్, అంటే చేతిలో ఉన్న డబ్బుకు ఐదు రెట్ల దాకా షేర్లు కొననిచ్చే సౌకర్యం, వాడితే ఛార్జీలు లక్ష మీద కాదు, 5 లక్షల మీద పడతాయి. అప్పుడు ఒక్క ట్రేడ్‌కు 220 రూపాయల పైమాటే. యాప్‌లో "5x" అని ఆకుపచ్చ రంగులో కనిపించే చోట ఈ మాట ఎక్కడా ఉండదు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2024 జూలైలో సెబీ విడుదల చేసిన అధ్యయనంలో, 2022-23లో ఈక్విటీ క్యాష్ విభాగంలో ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో పది మందికి ఏడుగురు నష్టపోయారు. 30 ఏళ్ల లోపు వాళ్లలో నష్టపోయినవాళ్లు 76 శాతం. ఏడాదికి 500 ట్రేడ్లు దాటినవాళ్లలో 80 శాతం. నష్టపోయినవాళ్లు ఆ నష్టానికి తోడు అందులో మరో 57 శాతం సొమ్మును ఖర్చుల కింద కట్టారు. ట్రేడ్లు పెరిగే కొద్దీ నైపుణ్యం పెరుగుతుందనుకుంటాం కానీ అక్కడ కనిపించింది దానికి విరుద్ధం. ఆప్షన్ల సంగతి మీరు అడగలేదు, అడగనందుకు సంతోషం. అక్కడి అంకెలు ఇంతకంటే ఘోరం.

ఇక సమయం. మార్కెట్ 9:15కి తెరిచి 3:30కి మూస్తారు. డే ట్రేడర్ ఎనిమిదింటికల్లా వార్తలు, ఆ రోజు చూడాల్సిన నాలుగైదు షేర్లు, వాటి ధరల హద్దులు రాసుకుని కూర్చోవాలి. అప్పటికి మీరు అమ్మకపోతే మూడుంబావు ప్రాంతంలో బ్రోకరే పొజిషన్ మూసేస్తాడు, దానికి అదనపు రుసుం కూడా వసూలు చేస్తాడు. అంటే ఇది కాలేజీ టైమే, ఆఫీస్ టైమే. క్లాసులో కూర్చుని బల్ల కింద ఫోన్ చూస్తూ చేసే పని కాదు. ఇప్పుడు మీరు దాన్ని చేయడానికి వీలే లేదు, హాజరు పోతుంది.

ఒత్తిడి విషయంలో డే ట్రేడింగ్‌కు ఒక మంచి గుణం ఉంది. రాత్రి నిద్ర పడుతుంది, ఎందుకంటే చేతిలో షేర్లు ఉండవు. బాధంతా పగలే. పదిన్నరకు 500 పోగొట్టుకున్న మనిషి మధ్యాహ్నం లోపు దాన్ని రాబట్టుకోవాలని చూస్తాడు. ఇది మీలో ఉందో లేదో తెలుసుకోవడానికి మనస్తత్వ శాస్త్రం అక్కర్లేదు. ట్రేడ్‌బుక్ డౌన్‌లోడ్ చేసి, నష్టం వచ్చిన రోజుల్లో ఎన్ని ట్రేడ్లు చేశారో, లాభం వచ్చిన రోజుల్లో ఎన్ని చేశారో పక్కపక్కన రాయండి. నష్టపు రోజుల అంకె రెట్టింపు ఉంటే మీరు చేస్తున్నది ట్రేడింగ్ కాదు, కోపం తీర్చుకోవడం.

స్వింగ్‌లో షేర్లు డెలివరీ తీసుకుని కొన్ని రోజులో, రెండు మూడు వారాలో ఉంచుతారు. ట్రేడ్‌కు అయ్యే ఖర్చు ఇంట్రాడే కంటే ఎక్కువే, చాలామందికి ఇది తెలియదు. డెలివరీలో ఎస్‌టీటీ కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం. లక్షకు 200 దానికే పోతుంది. స్టాంప్ డ్యూటీ 15, ఎక్స్ఛేంజ్ ఛార్జీలు, షేర్లు డీమ్యాట్ ఖాతా నుంచి బయటికి వెళ్లినందుకు అమ్మిన రోజు పడే డీపీ ఛార్జీ కలిపి 240 దగ్గర ఆగుతుంది, అదీ డెలివరీకి బ్రోకరేజీ తీసుకోని సంస్థ అయితే. కానీ ఇక్కడ ఆశించే కదలిక పెద్దది. పై లెక్కే 6 శాతం లాభం, 3 శాతం నష్టం పెట్టుకుని చేయండి. నాలుగు గెలుపుల 24,000లో ఆరు ఓటముల 18,000 తీసేస్తే 6,000 మిగులుతుంది. ఖర్చు 2,400. చేతికి 3,600. అదే గెలుపు శాతం, అదే మనిషి. ఇంట్రాడేలో ఖర్చులు లాభంలో 82 శాతం తిన్నాయి, ఇక్కడ 40 శాతం. పన్ను పరిధిలోకి వస్తే ఏడాది లోపు అమ్మిన షేర్ల లాభం మీద 20 శాతం కట్టాలి. ఇంట్రాడే లాభాన్ని మాత్రం స్పెక్యులేటివ్ వ్యాపార ఆదాయంగా లెక్కించి మీ స్లాబ్ ప్రకారం పన్ను వేస్తారు. ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు.

స్వింగ్‌కు సాయంత్రం ముప్పావు గంట చాలు. మార్కెట్ మూశాక చార్టులు చూసి, స్టాప్‌లాస్, టార్గెట్ రెండూ, ఆ ధర వచ్చేదాకా ఆగి ఉండే జీటీటీ ఆర్డర్‌గా పెట్టేయవచ్చు. ఒత్తిడి మాత్రం రాత్రికి మారుతుంది. 2025 ఏప్రిల్ 4 శుక్రవారం నిఫ్టీ 22,900 దగ్గర ముగిసింది. శని ఆదివారాలు అమెరికా సుంకాల గొడవ, సోమవారం పొద్దున మార్కెట్ దాదాపు 5 శాతం కిందే తెరుచుకుంది. 3 శాతం దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నవాళ్లకు ఆ ధర కంటికి కూడా కనపడలేదు. తెరుచుకున్న ధరకే అమ్ముడుపోవడం, లేదా లిమిట్ ఆర్డర్ అయితే అసలు అమ్ముడుపోకపోవడం. అందుకే లక్షంతా ఒకే షేర్‌లో పెట్టకూడదు. కంపెనీ త్రైమాసిక ఫలితాల తేదీకి ముందు రోజు షేర్లు చేతిలో ఉంచుకోవాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

లాంగ్ టర్మ్‌కు అయ్యే ఖర్చు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లక్షకు షేర్లు కొంటే 120 రూపాయల చిల్లర, మళ్లీ ఎన్నేళ్లకో అమ్మేటప్పుడు అంతే. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో పెడితే ఏడాదికి లక్షకు 200 రూపాయల ప్రాంతం. ఏడాది దాటాక అమ్మితే, ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల దాకా లాభానికి పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. నెలకోసారి సిప్ కట్టడానికి పట్టే సమయం కరెంటు బిల్లు కట్టినంత.

ఒత్తిడి లేదని మాత్రం అనను. 2020 జనవరిలో 12,400 మీద ఉన్న నిఫ్టీ మార్చి 24న 7,500కు దిగింది. పెట్టిన లక్ష కాస్తా అరవై వేలకు తగ్గిపోయింది. నవంబరుకల్లా తిరిగి పాత ఎత్తుకు చేరింది, కానీ ఏప్రిల్‌లో ఎంబీఏ ఫీజు కట్టాల్సినవాడికి ఆ నవంబరుతో పని లేదు. కనీసం ఐదేళ్లు అవసరం లేని డబ్బే అక్కడ పెట్టాలి. ఒకే కంపెనీ షేర్లు పట్టుకుని కూర్చోవడం కూడా లాంగ్ టర్మ్ కాదు. 2009 జనవరి 7న మన హైదరాబాద్ సత్యం షేర్ ఒక్క రోజులో నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. దాన్ని ఏళ్ల తరబడి దాచుకున్నవాళ్లు తెలుగు ఇళ్లలో తక్కువ మంది కాదు.

ఇప్పుడు మీ ఉద్యోగం సంగతి. లక్షతో నెలకు 20,000 సంపాదించాలంటే ఖర్చులన్నీ పోను నెలకు 20 శాతం రాబడి రావాలి, ప్రతి నెలా. అది ఏ పద్ధతిలోనూ జీతంలా వచ్చేది కాదు. అలా వస్తుందని టెలిగ్రామ్‌లో చెప్పేవాళ్లకు సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉందేమో అడగండి. మీ లాగిన్ ఇస్తే వాళ్లే ట్రేడ్ చేసి పెడతామంటే ఆ సంభాషణ అక్కడితో ముగించండి.

నా సలహా ఇది. లక్షలో 80,000 ఇండెక్స్ ఫండ్‌లోకి నెలనెలా కొంచెం కొంచెంగా వెళ్లాలి, అదీ పై చదువుకు అవసరం లేకపోతేనే. మిగతా 20,000తో మార్జిన్ లేకుండా స్వింగ్ నేర్చుకోండి. ఇంత చిన్న మొత్తానికి డీపీ ఛార్జీ బరువుగా తగులుతుంది, 5,000 పెట్టి కొన్న షేర్ అమ్మితే 15, 20 రూపాయలు దానికే పోతాయి. అందుకని నెలకు రెండు మూడు ట్రేడ్లకు మించొద్దు. ప్రతి ట్రేడ్‌కూ ఎందుకు కొన్నారో కొనకముందే ఒక వాక్యం రాయండి. లాభనష్టాలు యాప్ స్క్రీన్ మీది అంకెతో కాకుండా, మెయిల్‌కు వచ్చే కాంట్రాక్ట్ నోట్‌లోని ఛార్జీలు తీసేసి, డీపీ ఛార్జీ లెడ్జర్‌లో చూసి, లెక్క కట్టండి. రెండేళ్ల తర్వాత ఆ 20,000 ఇండెక్స్ ఫండ్‌ను దాటిందో లేదో నాన్నగారికి చూపించండి. దాటకపోతే ఇంట్రాడే ఆలోచన పక్కన పెట్టండి.

మార్కెట్ మీదే ఇష్టం ఉంటే మార్కెట్‌లో ఉద్యోగమే చేయవచ్చు. బ్రోకింగ్ సంస్థల్లో డెరివేటివ్స్ డీలర్‌గా చేరాలంటే ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్ 8 పరీక్ష పాసవ్వాలి, దాన్ని మీరు డిగ్రీ చదువుతూనే రాయవచ్చు. కంపెనీలను చదవడం నచ్చితే సిరీస్ 15 రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష వైపు చూడండి. బీకాంలో బ్యాలెన్స్ షీటు చదవడం వచ్చి ఉంటే అక్కడ మీరు బీటెక్ వాళ్ల కంటే ఒక అడుగు ముందే ఉంటారు. డీలర్ ఉద్యోగంలో చేరితే సొంత ఖాతాలో ట్రేడ్ చేయడానికి సంస్థ నిబంధనలు ఉంటాయి, చేరేముందే వాటిని అడిగి తెలుసుకోండి.